ఒక్క మాట తేడా

మిడ్ పేపర్లు దిద్దడం మొదలుపెడితే పదో పేపరు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినపడుతుంది. క్లాసులో నేను డిక్టేట్ చేసిన వాక్యం, నేను ఊపిరి తీసుకున్న చోటే కామాతో సహా, ఎవరో కుర్రాడి చేతిరాతలో తిరిగి వస్తుంది. ఇంగ్లీషులో చెప్పిన నోట్సు ఇంగ్లీషులోనే వస్తుంది. ఒక్కోసారి 'యాజ్ షోన్ ఇన్ ది ఎబవ్ ఫిగర్' అని కూడా వస్తుంది. పైన బొమ్మ ఉండదు. బోర్డు మీద నేను గీసిన బొమ్మ అది. వాక్యం గుర్తుంది, బొమ్మ గుర్తులేదు.

తణుకులో మా అద్దె ఇంటి డాబా మీద కూర్చుని, సెకండియర్ మెకానికల్ వాళ్ల పేపర్లు దిద్దుతున్న ఒక సాయంత్రం నేను చేసిన పొరపాటు గురించే ఈ వ్యాసం. సబ్జెక్టు ఫ్లూయిడ్ మెకానిక్స్ అండ్ హైడ్రాలిక్ మెషీన్స్. ప్రశ్న ఇది: సెంట్రిఫ్యూగల్ పంపులో కావిటేషన్ అంటే ఏమిటి, ఎలా నివారిస్తారు? ఐదు మార్కులు. స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ కూడా నేనే రాసుకున్నాను. నిర్వచనానికి ఒకటి, బుడగలు ఎక్కడ పుట్టి ఎక్కడ పగులుతాయో చెప్తే రెండు, నివారణకి రెండు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. పంపు నీటిని లాగుతున్నప్పుడు ఇంపెల్లర్ మధ్యభాగం దగ్గర ప్రెషర్ బాగా తగ్గుతుంది. ఆ వేడిమి దగ్గర నీరు ఆవిరయ్యే ప్రెషర్ కంటే కిందకి పడిపోతే, నీరు వేడెక్కకుండానే అక్కడ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆ బుడగలు ఇంపెల్లర్ రెక్కల వెంట ఎక్కువ ప్రెషర్ ఉన్న చోటికి కొట్టుకుపోయి, ఠపీమని నలిగిపోతాయి. ఆ దెబ్బలకి లోహం మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. పంపులో గులకరాళ్లు పోసి తిప్పినట్టు చప్పుడొస్తుంది, నీళ్లు తగ్గిపోతాయి.

ఆ సాయంత్రం ఇరవై పేపర్లు అయ్యేసరికి నాకు విసుగొచ్చింది. అందరూ అదే రాశారు. అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నాను. నోట్సులో ఉన్నది ఉన్నట్టు దించినవాళ్లకి ఐదుకి రెండు. సొంత మాటల్లో రాసినవాళ్లకి నాలుగో, ఐదో. 'బట్టీ పట్టినవాడికీ అర్థం చేసుకున్నవాడికీ తేడా ఉండాలి కదా' అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా పదకొండు పేపర్లకి కోత పెట్టాను.

పేపర్లు ఇచ్చిన రోజు ఒక కుర్రాడు స్టాఫ్ రూముకి వచ్చాడు. అత్తిలి వైపు నుంచి బస్సులో వస్తాడు. టెన్త్ దాకా తెలుగు మీడియం. క్లాసులో నోరు విప్పడు. పేపరు నా ముందు పెట్టి అడిగాడు.

"సార్, దీన్లో తప్పెక్కడుందో చెప్తారాండి?"

చూశాను. తప్పు లేదు. అదే చెప్పాను. "తప్పు లేదమ్మా. కానీ ఇది నువ్వు రాసింది కాదు కదా, నా నోట్సు."

"మీ నోట్సు తప్పు కాదు కదండి మరి?"

ఎదురు సమాధానం చెప్పాలని కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఇంటర్నల్స్ 30, ఎక్స్‌టర్నల్ 70 ఉన్న మన లెక్కలో మూడు మార్కులంటే చిన్నవేం కాదు. ఎక్స్‌టర్నల్‌లో కాస్త తేలిపోతే ఇంటర్నల్సే పాస్ గట్టు ఎక్కిస్తాయి. నా దగ్గర సమాధానం లేదు. "రేపు చెప్తాను" అని పంపేశాను.

ఆ రాత్రి ఆలోచిస్తే మొదట తట్టింది ఏమిటంటే, ఇదే జవాబు యూనివర్సిటీ పరీక్షలో రాస్తే వాడికి ఐదుకి ఐదు వస్తాయి. అక్కడ పేపరు దిద్దేది వేరే కాలేజీ లెక్చరర్. ఆయన చేతిలో స్కీము ఉంటుంది, నా నోట్సు ఉండదు. నిర్వచనం ఉందా, ఉంది. పుట్టేచోటు, పగిలేచోటు ఉన్నాయా, ఉన్నాయి. టిక్కు. ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అంటే నేను కోసిన మూడు మార్కులు ఆ జవాబులో లోపానికి కాదు. ఆ వాక్యం నాకు పరిచయం అయినందుకు.

రెండోది ఇంకా ఇబ్బందిగా ఉంది. ఆ నోట్సు మాత్రం నా సొంతమా? బన్సల్ పుస్తకం ఒక పక్కన, నేను చదువుకున్నప్పుడు మా సార్ చెప్పిన పాత నోట్సు ఇంకో పక్కన పెట్టుకుని రాసుకున్నదే. మా సార్ వాక్యాలు కొన్ని మార్చకుండా అలాగే ఉన్నాయి. నిర్వచనాలు మార్చడానికి ఏముంటుంది అనుకున్నాను. నాకు చెల్లిన మాట వాడికి ఎందుకు చెల్లదు?

మర్నాడు ఆ కుర్రాణ్ణి పిలిచాను. ఇద్దరమే కూర్చున్నాం. నోట్సు పక్కన పెట్టి అడిగాను. "కావిటేషన్ ఎప్పుడైనా చూశావా?"

తెలుగులో అడిగేసరికి వాడి మొహం మారింది. "చూడ్డం కాదు గానండి, విన్నానండి. దాళ్వాకి ఆఖరి తడప్పుడు కాలవలో నీళ్లు తగ్గిపోతాయి కదండి. మా నాన్న మురుక్కాలవలోంచి ఇంజను పెట్టి తోడతారండి. అప్పుడు గొట్టం జల్లెడకి గుర్రపుడెక్క పట్టేత్తదండి. ఇంజనులో రాళ్లు పడ్డట్టు చప్పుడొత్తదండి. నీళ్లు సగమే పడతాయండి."

"జల్లెడకి గుర్రపుడెక్క పడితే కావిటేషన్ ఎందుకొస్తుంది? అది నా నోట్సులో లేదే?"

"ఫ్రిక్షన్ లాస్ అన్నారు కదండి. సక్షన్ పైపు సన్నగా ఉన్నా, వంపులు ఎక్కువున్నా లాస్ ఎక్కువని. ఇదీ అంతే కదండి. నీళ్లు రావడానికి దారి మూసుకుపోతే ఇంజను దగ్గర లాగుడు ఎక్కువవుద్ది, ప్రెషర్ పడిపోద్ది."

నేను కాసేపు ఊరుకున్నాను. తర్వాత ఇంకొకటి అడిగాను. నిజానికి వాణ్ణి పరీక్షించడానికి కాదు, నాకే ఆసక్తి కలిగింది. చప్పుడు వచ్చినంత మాత్రాన అది కావిటేషనే అనడానికి లేదు. నీటిమట్టం తగ్గి ఫుట్ వాల్వు పైకి తేలితే గాలి పీల్చినా, ప్యాకింగ్ దగ్గర గాలి లీకైనా పంపు గోల చేస్తుంది. "గాలి పీలుస్తోందా, కావిటేషనా అన్నది ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"గాలైతే అవతల నీళ్లు తుంపులు తుంపులుగా, ఉమ్మినట్టు పడతాయండి. ఇదైతే ధార సన్నబడుద్ది గానీ అలా తెగదండి. ఇంకోటండి, డెలివరీ గొట్టం కొంచెం నొక్కి పట్టుకుంటే ఈ చప్పుడు తగ్గుద్దండి. మా నాన్న అలాగే చేత్తారు, జల్లెడ శుభ్రం చేసేదాకా."

"ఎందుకు తగ్గుతుంది?"

"నీళ్లు తక్కువెళ్తాయి కదండి. ఇటు లాగుడూ తగ్గుద్ది."

ఇది పుస్తకంలో ఉన్న మాటే. ప్రవాహం తగ్గితే సక్షన్ పైపులో లాస్ దాదాపు ఆ ప్రవాహం వర్గం లెక్కన తగ్గుతుంది. పంపుకి కావలసిన కనీస హెడ్డు, మన భాషలో ఎన్‌పీఎస్‌హెచ్, అదీ తగ్గుతుంది. అందుకే డెలివరీ వాల్వు కొంచెం మూయడం కావిటేషన్‌ని గుర్తుపట్టడానికి ఒక మార్గం. ఇది నేను క్లాసులో చెప్పలేదు. వాడు చేలో నేర్చుకుని, నా నోట్సులోని ఫ్రిక్షన్ లాస్‌కి ముడి వేసుకున్నాడు.

"మరి ఇదంతా పేపర్లో ఎందుకు రాయలేదు?"

"ఇంగ్లీషులో ఎలా రాయాలో రాదండి. సొంతంగా రాత్తే గ్రామర్ తప్పులొత్తాయి. మీ వాక్యం అయితే తప్పుండదు కదాని..."

అదే రోజు ఇంకో అమ్మాయి పేపరు తీశాను. సొంత మాటల్లో చక్కటి ఇంగ్లీషులో రాసింది. ఐదుకి నాలుగు వేశాను. ఈసారి జాగ్రత్తగా చదివితే, పంపు తిరగడం వల్ల నీరు వేడెక్కి మరుగుతుంది, అందుకే బుడగలు వస్తాయి అని ఉంది. అది తప్పు. నీరు వేడెక్కనక్కర్లేదు. 30 డిగ్రీల దగ్గరున్న మామూలు నీరు కూడా ప్రెషర్ నాలుగు కిలోపాస్కల్స్ చిల్లరకి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్‌లో సుమారు ఇరవై నాలుగో వంతుకి పడిపోతే మరుగుతుంది. ఆ అమ్మాయిని పిలిచి అడిగితే "వేడికే కదా సార్ ఏదైనా మరిగేది" అంది. తణుకు పిల్లే. 1947లో మొదలైన ఆంధ్రా షుగర్స్ ఉన్న ఊళ్లో పుట్టి పెరిగింది. చెరుకు రసాన్ని చిక్కబరిచేటప్పుడు చివరి పాత్రల్లో గాలి లాగేసి, వంద డిగ్రీల కంటే బాగా తక్కువ వేడిలోనే మరిగిస్తారని, లేకపోతే పంచదార మాడి రంగు తిరుగుతుందని చెప్తే అప్పుడు "ఓ, అదా" అంది. తెలివైన పిల్ల, వెంటనే పట్టుకుంది. కానీ పరీక్షనాటికి ఆమెకి అది తెలియదు. తెలియనిదానికి నేను నాలుగు వేశాను, తెలిసినవాడికి రెండు.

అప్పుడు నాకు అర్థమైంది ఇది. నోట్సు దించిన జవాబు, రాసినవాడికి ఏమీ తెలియదనడానికి సాక్ష్యం కాదు. తెలుసనడానికీ సాక్ష్యం కాదు. అది ఏ సాక్ష్యమూ చెప్పని జవాబు. సాక్ష్యం లేనప్పుడు సగం శిక్ష వేయడం న్యాయం కాదు. సొంత మాటలు కూడా సాక్ష్యం కావు. మాటలు మార్చడం ఒక నేర్పు, విషయం తెలియడం వేరు. ఆ నేర్పు ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకి ఎక్కువ ఉంటుంది. నేను పంపుల పేపరు దిద్దుతున్నానని అనుకుంటూ ఇంగ్లీషు పేపరు దిద్దాను.

ఫైన్‌మన్ గురించి విన్నవాళ్లకి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. 1950ల మొదట్లో బ్రెజిల్‌లో పాఠం చెప్తూ, బ్రూస్టర్ కోణం అంటే ఏమిటని అడిగితే పిల్లలు అక్షరం పొల్లుపోకుండా చెప్పారట. కిటికీలోంచి కనిపించే సముద్రపు నీటి మీది వెలుగుని పోలరాయిడ్ ముక్కలోంచి చూస్తే ఏమవుతుందో మాత్రం చెప్పలేకపోయారట. ఈ కథని మనం బట్టీ మీద విమర్శగానే చెప్పుకుంటాం. నాకు ఇప్పుడు వేరే సంగతి కనిపిస్తోంది. ఆయన మొదటి జవాబుని తప్పనలేదు, దాని మీద తీర్పూ చెప్పలేదు. ఇంకో ప్రశ్న వేశాడు. తెలిసింది ఆ రెండో ప్రశ్నతోనే. నేను రెండో ప్రశ్న వేయకుండానే మార్కులు కోశాను.

ఇక మార్కుల సంగతి. పదకొండు పేపర్లూ వెనక్కి తీసుకున్నాను. అడిగింది 'ఏమిటి, ఎలా నివారిస్తారు' అని. ఆ ప్రశ్నకి నోట్సులోని పేరా పూర్తి జవాబు. అలాంటి ప్రశ్న వేసి, అదే జవాబు రాస్తే కోపగించుకోవడం నా తప్పు. స్కీము ప్రకారం ఎన్ని వస్తే అన్నీ వేశాను. ఇద్దరు మాత్రం కావిటేషన్ పేరా అయిపోయాక ఆగకుండా ప్రైమింగ్ పేరా కూడా దించేశారు. దానికి మార్కు వేయలేదు, తీసేయలేదు. అడగని దానికి విలువ సున్నా. అమ్మాయి పేపరులో కారణం తప్పు కాబట్టి నాలుగు రెండుకి తగ్గాలి. కానీ పేపరు ఇచ్చేశాక నా పొరపాటుకి ఆమె మార్కులు తగ్గించడం సరికాదనిపించి అలాగే ఉంచాను. ఇది సరైన పనో కాదో ఇప్పటికీ రూఢిగా చెప్పలేను.

ఇంటి దగ్గర రాసుకొచ్చే అసైన్‌మెంటుకి మాత్రం ఈ లెక్క వర్తించదు. పరీక్ష హాల్లో నోట్సు చూసే వీలు లేకుండా ఒక పేజీ గుర్తుంచుకుని రాయడంలో కొంత శ్రమ ఉంది, ఆ శ్రమకి విలువ ఉంది. నోట్సు పక్కన పెట్టుకుని దించడంలో సిరా ఖర్చు తప్ప ఏమీ లేదు. పదాలు అవే అయినా అవి వచ్చిన దారి వేరు. అందుకే అసైన్‌మెంటులో ఇప్పుడు నోట్సులో జవాబు ఉన్న ప్రశ్న ఇవ్వడమే మానేశాను.

తర్వాతి బ్యాచ్‌కి మిడ్‌లో అదే ఐదు మార్కుల ప్రశ్నని రెండుగా విడగొట్టాను. కావిటేషన్ అంటే ఏమిటో రాయడానికి రెండు మార్కులు. ఇది నోట్సు వాక్యమే అయినా పూర్తి మార్కులు ఇస్తాను. మిగతా మూడు మార్కులకి మురుక్కాలవ మీద పెట్టిన ఒక పంపు. గాలి ప్రెషర్ నీటి హెడ్డులో 10.3 మీటర్లు. నీటి ఆవిరి ప్రెషర్‌కి 0.4 మీటర్లు పోతుంది. నీటిమట్టం పంపుకి 2.5 మీటర్ల కింద ఉంది. సక్షన్ పైపులో లాస్ 1 మీటరు. పంపుకి కనీసం 4 మీటర్లు కావాలి. ఇప్పుడు సరిగ్గా నడుస్తోందా? జల్లెడకి గుర్రపుడెక్క పట్టి లాస్ 4 మీటర్లకి పెరిగితే ఏమవుతుంది, ఎలా తెలుసుకుంటావు?

మొదటిదానికి 10.3లోంచి 0.4, 2.5, 1 తీసేస్తే 6.4 మిగులుతుంది. నాలుగు కంటే ఎక్కువ, ఇబ్బంది లేదు. రెండోసారి 3.4 మిగులుతుంది. నాలుగు కంటే తక్కువ, కావిటేషన్ వస్తుంది. కూడికలు, తీసివేతలు తప్ప ఇందులో ఏమీ లేదు. ఇంగ్లీషు కూడా పెద్దగా అక్కర్లేదు. నాలుగు ముక్కల్లో రాయొచ్చు. అయినా నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా రాసిన కొందరు ఇక్కడ పేజీ ఖాళీగా వదిలేశారు. వాళ్లకి రెండు మార్కులు వచ్చాయి. ఆ రెండూ వాళ్లు సంపాదించుకున్నవే. రాని మూడు ఎందుకు రాలేదో వాళ్లకీ నాకూ ఇద్దరికీ తెలుసు. ఎవరూ స్టాఫ్ రూముకి రాలేదు.

దీనికీ ఒక హద్దు ఉంది. ఈ గుర్రపుడెక్క ప్రశ్న ఒకసారి పేపర్లో వచ్చాక, జవాబుతో సహా నరేంద్ర సెంటర్ జిరాక్సు షాపుల్లో దొరుకుతుంది. వచ్చే ఏడాది దాన్నీ దించుతారు. అప్పుడది కూడా నోట్సే. కాబట్టి ఏటా పంపుని ఇంకో చోట పెట్టాలి, ఇంకో చిక్కు తేవాలి. బ్లూమ్ వర్గీకరణలో మొదటి మెట్టు గుర్తుంచుకోవడం, పరీక్ష అక్కడే ఆగిపోకూడదని 2018లో ఏఐసీటీఈ తెచ్చిన పరీక్షల సంస్కరణ విధానమూ చెప్తుంది. ప్రశ్న పక్కన మెట్టు నంబరు వేయడం ఒక నిమిషం పని. ఆ మెట్టు నిజంగా ఎక్కించే ప్రశ్న తయారుచేయడానికి నాకు ఒక పూట పడుతుంది.

చివరగా ఆ కుర్రాడి పేపరు గురించి ఇంకొక్క మాట. మార్కులు మార్చడానికి దాన్ని మళ్లీ తీసినప్పుడు, ఈసారి నా నోట్సు పుస్తకం పక్కన పెట్టుకుని వరసగా చదివాను. బుడగలు పగిలేచోటు దగ్గర ఆగిపోయాను. నా నోట్సులో 'లో ప్రెషర్ రీజియన్' అని ఉంది. వాడి పేపర్లో 'హై ప్రెషర్ రీజియన్' అని ఉంది. వాడిదే సరైనది. నేను ఎప్పుడో తొందరలో తప్పు రాసుకుని, అదే డిక్టేట్ చేశాను. మిగతా పది పేపర్లలోనూ 'లో' అనే ఉంది. ఆ తప్పు నాది కాబట్టి వాళ్లకి ఆ మార్కులు వేసేశాను. క్లాసులో నోట్సు సరిదిద్దించాను.

వాణ్ణి అడిగాను, ఎందుకు మార్చావని.

"తక్కువ ప్రెషర్లో బుడగ పుడుతుందన్నారు కదండి. మళ్లీ అక్కడే ఎందుకు పగులుద్దండి? ఎక్కువున్న చోటే నలగాలి కదా అనుకున్నానండి. మీకు చెప్దామనుకున్నాను గానండి, బాగోదని..."

మొదటిసారి దిద్దినప్పుడు ఆ వాక్యం కింద నేను ఎర్రపెన్నుతో గీత గీసి, పక్కన 'నోట్సు' అని రాశాను. ఆ గీత సరిగ్గా ఆ మాట కిందుగానే వెళ్లింది.